సవరణ: రామదాసు ‘నీవు’ అంటే కోపమేనా?

రామదాసు కీర్తన మీద నేను రాసిన పోస్టు చదివి ఒకరు ఇలా అడిగారు: “‘ఇక్ష్వాకు కులతిలక’లో రాముణ్ణి ఏకవచనంలో పిలిచాడు కాబట్టి అది కోపం అన్నారు. మరి ‘పలుకే బంగారమాయెనా’లోనూ ఏకవచనమే కదండీ?”

నిజమే, తప్పు నాదే. తెలుగు భక్తి పాటల్లో దేవుణ్ణి ‘మీరు’ అనడం దాదాపు కనిపించదు. బతిమాలినా, దెబ్బలాడినా ‘నీవే’. ‘ఇక్ష్వాకు కులతిలక’లో కోపం అసలు ‘ఎవడబ్బ సొమ్మని’ అన్న చోట ఉంది. అది గుళ్లో మాట్లాడే మాట కాదు, బాకీ వసూలుకొచ్చినవాడి మాట.

చరణాల్లోని నగలను అలంకార వర్ణన అని రాశాను, అదీ పొరపాటే. సీతమ్మకు చింతాకు పతకం చేయించానని ఒక పాదం, దానికెంత పట్టిందో తర్వాతి పాదం. ఇవి ఖర్చు పద్దులు! పాల్వంచ తహసీల్దారుగా ఖజానా సొమ్ము భద్రాచలం గుడికి పెట్టి, మన గోల్కొండ చెరసాలలో పడ్డవాడు లెక్క అప్పజెబుతున్నాడు.

మొన్న మా కాలనీ భజనలో ఇంకో సంగతి తెలిసింది. ముందు పాడేవాడు నిలదీస్తుంటే, పాదం చివరి ‘రామచంద్రా’ను మిగతావాళ్లంతా తాళాలతో అందుకున్నారు. కాగితం మీద గద్దింపులా ఉన్న పిలుపు అక్కడ నామస్మరణ అయింది. చివర్లో దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అని వేడుకున్నప్పుడూ అదే పిలుపు, అదే వరస. నేను పోస్టులో వదిలేసింది సరిగ్గా ఆ చరణాన్నే.