నూటికి 48 పైసల వడ్డీ: ఒక కుటుంబ సంప్రదాయంపై లెక్కల దాడి

ఈ మధ్య మన కుర్రకారులో ఒక దురలవాటు ప్రబలుతోంది. బీమాతో పాటు గడువు తీరాక బోనస్‌తో కలిపి సొమ్ము చేతికిచ్చే ఇరవై ఏళ్ల ఎండోమెంట్ పాలసీని భక్తిశ్రద్ధలతో ఎదుట పెడితే, చేతులు జోడించి సంతకం చేయవలసింది పోయి, "ఇందులో ఏడాదికి ఎంత శాతం వస్తుంది?" అని అడుగుతున్నారు. ఈ ప్రశ్న ఎంత ప్రమాదకరమో వారికి తెలియదు. మన ప్రాంతంలో పాలసీని అమ్మేది అపరిచితుడు కాదు. మేనమామో, బాబాయో, పెద్దనాన్నగారి అల్లుడో, ఫిబ్రవరి నెలాఖరున ఇంటికి వచ్చి, కాఫీ తాగి, పిల్లల చదువులు విచారించి, ఆ తరువాతే సంచిలోంచి ఫారం తీస్తారు. అటువంటి మనిషిని పట్టుకుని శాతం అడగడమంటే పెళ్లి భోజనంలో వంటవాడిని పిలిచి నూనె కొలత అడగడం వంటిది. కనుక ఈ శాతాల పిచ్చి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడికి దారి తీస్తుందో ఒక ఉదాహరణతో హెచ్చరించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముప్పై ఏళ్ల ఉద్యోగి ఒకరున్నారనుకుందాం. బీమా మొత్తం 10 లక్షలు, గడువు 20 ఏళ్లు, ప్రీమియం ఏటా 50,000 రూపాయలు. బోనస్ ఏటా వెయ్యికి 42 రూపాయలు ప్రకటిస్తారని, చివర్లో అదనపు బోనస్‌గా మరో 60,000 కలుస్తుందని ఊహిద్దాం. అంటే 20 ఏళ్లలో బోనస్ 8,40,000, అసలు బీమా మొత్తం 10,00,000, చివరి బోనస్ 60,000, మొత్తం 19 లక్షలు. కట్టింది 10 లక్షలు. ఇంతవరకు అందరూ సంతోషంగానే ఉంటారు, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ కాలాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

బాబాయిగారి గణితం ఇక్కడ మొదలవుతుంది, అది చాలా సొగసైన గణితం. బోనస్‌ను లెక్కించేది మీరు కట్టిన ప్రీమియం మీద కాదు, బీమా మొత్తం మీద. వెయ్యికి 42 చొప్పున 10 లక్షలకు ఏటా 42,000. మొదటి ఏడాది మీరు కట్టింది 50,000, ఆ ఏడాదికే మీ ఖాతాలో చేరిన బోనస్ 42,000. అంటే నూటికి 84 శాతం లాభం, అదీ మొదటి ఏడాదే! దేశంలో ఏ బ్యాంకూ ఇవ్వదు, ఏ చిట్‌ఫండూ ఇవ్వదు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదని నేను ప్రమాణపూర్వకంగా చెప్పగలను. చెప్పకుండా వదిలేసినది మాత్రం ఒక్కటుంది. ఆ 42,000 ఇప్పుడు చేతికి రాదు, మరో పందొమ్మిదేళ్ల తరువాత వస్తుంది. వచ్చినప్పుడు కూడా సరిగ్గా 42,000గానే వస్తుంది, ఎందుకంటే ఒకసారి చేరిన బోనస్ మీద మళ్లీ బోనస్ పుట్టదు. ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్ ఇచ్చే 7.1 శాతంతో వెనక్కి లెక్కిస్తే, ఆ 42,000 ఇవాళ్టి విలువ సుమారు 11,400 రూపాయలు. 84 శాతం అనే ఉత్సాహం కాస్తా కాఫీ చల్లారేలోపే చల్లారిపోతుంది. అందుకే ఈ లెక్కను ఎవరూ ఇంట్లో చేయకూడదని నా మనవి.

దీనికి విరుగుడుగా కొందరు తండ్రులు మరో గణితం ప్రయోగిస్తారు. పది లక్షలకు తొమ్మిది లక్షల లాభం, అది ఇరవై ఏళ్లకు, అంటే ఏడాదికి 4.5 శాతం అని తేల్చి పాలసీని తిట్టిపోస్తారు. పాలసీకి ఇది అన్యాయం. పది లక్షలూ మొదటి రోజే కట్టలేదు కదా. మొదటి 50,000 ఇరవై ఏళ్లు సంస్థ దగ్గర ఉంది, చివరి 50,000 ఒక్క ఏడాదే ఉంది. ప్రతి వాయిదానూ అది ఉన్నంత కాలానికి ఒకే చక్రవడ్డీ రేటుతో పెంచుకుంటూ పోయి, చివరకు మొత్తం 19 లక్షలకు సరిగ్గా చేరేలా చేసే రేటు ఏదో, అదే ఈ పాలసీ ఇచ్చే అసలు వార్షిక రాబడి. దాన్ని కాగితం మీద నేరుగా సాధించే సూత్రం లేదు, ఒక రేటు ఊహించి సరిచూసుకోవాలి. ఆ పనిని మన కార్యాలయాల్లో సెలవు చీటీలు టైపు చేసే ఎక్సెల్ ఒక్క గడిలో చేసిపెడుతుంది.

```
=RATE(20,-50000,0,1900000,1)
```

జవాబు 5.78 శాతం. చివర ఉన్న 1 అంకెను చిన్నచూపు చూడరాదు. ప్రీమియం ఏడాది మొదట్లోనే కడతాం అని దాని అర్థం. దాన్ని మరచిపోతే ఎక్సెల్ ప్రీమియం ఏడాది చివర కట్టినట్టు భావించి, పాలసీకి ఉత్తిపుణ్యానికి అర శాతం దానం చేస్తుంది. 2025 సెప్టెంబరు 22కు ముందు పాలసీ తీసుకున్నవారు అప్పటివరకు కట్టిన జీఎస్‌టీని కూడా ప్రీమియంలో కలుపుకోవాలి. మొదటి ఏడాది 4.5 శాతం, ఆ తరువాత 2.25 శాతం ఉండేది. కలిపితే రాబడి ఇంకొంచెం దిగుతుంది. అయితే అంత లోతుకు వెళ్లేవారిని నేను ప్రోత్సహించలేను.

5.78 శాతం అంటే మన పెద్దలకు ఏమీ తెలియదు, కనుక వారి భాషలోకి మారుద్దాం. నూటికి నెలకు 48 పైసలు. ఊళ్లో పక్కింటివాడు కూతురి పెళ్లికి అప్పు అడిగితే, ప్రామిసరీ నోటు రాయించుకుని, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని, రెండు రూపాయల వడ్డీకి తగ్గనని పట్టుబట్టే పెద్దమనిషి, ఇరవై ఏళ్ల పాటు 48 పైసల వడ్డీకి తన సొమ్ము అప్పగించి, రసీదును దేవుడి గదిలో దాచుకుంటాడు. ఇంతటి త్యాగనిరతి మన సమాజంలో ఇంకా మిగిలి ఉందంటే, అందుకు కారణం శాతాన్ని ఎవరూ పైసల్లోకి మార్చకపోవడమే.

చదువుకున్నవారు ఇక్కడ అడ్డుతగిలి, పాలసీతో పాటు ఇచ్చిన పట్టికలో 8 శాతం అని స్పష్టంగా అచ్చువేసి ఉందే అంటారు. ఉంది. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం లాభాల్లో వాటా ఇచ్చే పాలసీలకు 4 శాతం, 8 శాతం అనే రెండు ఊహల మీద పట్టిక చూపించాలి. కానీ ఆ 8 శాతం మీకు వచ్చేది కాదు. సంస్థ నిధి సంపాదిస్తుందని ఊహించినది. అందులోంచి బీమా ఖర్చు, కార్యాలయ నిర్వహణ, కమిషన్ పోగా మిగిలినది మీ వరుసలోకి వస్తుంది. మన ఉదాహరణలోని 19 లక్షలు 8 శాతం వరుసలో అచ్చయి ఉన్నాయనుకుంటే, దాని అసలు రాబడి మనం చూసిన 5.78. పక్కనే 4 శాతం వరుసలో 13 లక్షలు ఉన్నాయనుకుంటే, అదే సూత్రం అక్కడ 2.4 శాతం చూపిస్తుంది. రెండు వరుసలూ ఊహలే, పై హద్దూ కింది హద్దూ కావు అని ఆ పట్టిక కిందే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అయితే చిన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు కావాలి, అది ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటుంది.

ఇప్పుడు బాబాయిగారి పక్షాన న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇది పొదుపు మాత్రమే కాదు, బీమా కూడా. పదో ఏడాది పూర్తయ్యాక పాలసీదారు మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు, అప్పటివరకు చేరిన బోనస్ 4,20,000 వస్తాయి. ఆ రక్షణకు ధర ఉంది, దాన్ని రాబడి లెక్కలోంచి తీసివేయాలి. మరణిస్తేనే సొమ్ము ఇచ్చే టర్మ్ పాలసీ పది లక్షలకు విడిగా ఏటా 3,000 రూపాయలకు దొరుకుతుందనుకుందాం. అప్పుడు పొదుపుగా వెళ్లింది 47,000 మాత్రమే, ఆ లెక్కన రాబడి 6.3 శాతానికి పెరుగుతుంది. మర్యాదగానే ఉంది. అయితే అదే 47,000 ఏటా పీపీఎఫ్‌లో వేస్తే, పదిహేనేళ్ల గడువును మరో ఐదేళ్లు పొడిగించుకుని, 7.1 శాతం అలాగే ఉంటే, ఇరవై ఏళ్లకు 20,86,000 దాటుతుంది. పీపీఎఫ్ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కనుక ఇదీ ఊహే. బోనస్ కూడా ఊహే కనుక ఊహకు ఊహ సమం. పన్ను మినహాయింపు ఉందిగా అని ఆఖరి అస్త్రం వేస్తారు. కట్టిన సొమ్ముపై ఆ మినహాయింపు పాత పన్ను విధానంలో రెండింటికీ ఉంది, కొత్త విధానంలో రెండింటికీ లేదు.

మధ్యలో మానేద్దామనుకునేవారి గతి మరీ విజ్ఞానదాయకం. అయిదేళ్లు కట్టి, అంటే 2,50,000 కట్టి, సరెండర్ చేస్తే హామీగా వచ్చేది అందులో సగం. బోనస్‌కు ఇచ్చే కొద్దిపాటి విలువను పక్కన పెడితే, రాబడి ఏడాదికి దాదాపు మైనస్ 22 శాతం. ఇంత వేగంగా డబ్బు కరిగించాలంటే సాధారణ పౌరుడు ఎంతో శ్రమపడాలి.

కానీ లెక్క నేర్చిన కుర్రవాడు చేసే అసలు తప్పు ఇది కాదు. పన్నెండేళ్లు కట్టిన తన తండ్రి పాలసీని చూసి, 5.78 అని తేల్చి, వెంటనే సరెండర్ చేయమని పోరుపెడతాడు. ఆ దశలో సంస్థ 6 లక్షలు సరెండర్ విలువగా ఇస్తానందనుకుందాం. అప్పటివరకు కట్టిన 6 లక్షలు ఎటూ అయిపోయినవే, వాటిని లెక్కలోకి తేవడానికి వీల్లేదు. ఇప్పుడు చేతిలోకి రాగల 6 లక్షలను వదులుకుని, ఇంకో ఎనిమిదేళ్లు ఏటా 50,000 కడితే, చివరకు 19 లక్షలు వస్తాయి.

```
=RATE(8,-50000,-600000,1900000,1)
```

జవాబు దాదాపు 9.9 శాతం, అదీ బోనస్ ఇదే తీరున కొనసాగితే. నష్టమంతా మొదటి ఏళ్లలోనే జరిగిపోయింది కనుక మిగిలిన దారి అంత బాగుంది. సరెండర్ విలువ 7 లక్షలో 8 లక్షలో అయితే ఈ రేటు పడిపోతుంది, కనుక ముందు ఆ అంకెను శాఖ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. కానీ కుర్రవాడికి అంత ఓపిక లేదు, తండ్రిచేత సంతకం పెట్టించేశాడు. ఆ 6 లక్షలు బ్యాంకులో పడిన మర్నాడే, వాటిని ఎక్కడ పెడితే బాగుంటుందో చెప్పడానికి బాబాయిగారు మరో ఇరవై ఏళ్ల ఫారంతో వచ్చి కూర్చున్నారు.