సవరణ: డిక్కీ లీటర్ల లెక్క గురించి

“డిక్కీ 400 లీటర్లు ఉంటే రెండు పెద్ద సూట్‌కేసులు, పాప ప్రామ్ పడతాయని రాశారు. లెక్క ప్రకారం సరిపోతున్నాయి. షోరూమ్‌లో మాత్రం తలుపు మూసుకోలేదు. ఎందుకు?”

ఆ వాక్యాన్ని ఇలా సవరిస్తున్నాను: లీటర్లు చూసి కార్లను వడపోయండి, సామాను పెట్టి చూసి ఎంచుకోండి.

చాలా కంపెనీలు ఒక్కో లీటరు ఉండే చిన్న దిమ్మెలను మూలమూలలా పేర్చి ఈ అంకె చెబుతాయి. కొన్నిసార్లు అడుగుపలక కింది అర కూడా అందులో కలుస్తుంది. ప్రామ్‌ను ముక్కలుగా సర్దలేం కదా!

డిక్కీ వెడల్పు 100, లోతు 80, పైపలక దాకా ఎత్తు 50 సెంటీమీటర్లు అనుకుందాం. సరిగ్గా 400 లీటర్లు. 77×50×30 సూట్‌కేసులు రెండింటిని పక్కవాటుగా నిలబెడితే 60 సెంటీమీటర్ల వెడల్పు పోతుంది. మిగిలిన 40లో 80×60×35 ఉండే మడిచిన ప్రామ్ దూరుతుంది కానీ, 10 సెంటీమీటర్లు పైకి పొడుచుకొస్తుంది. పైపలక తీసేసినా, వెనక అద్దం లోపలికి వాలి ఉంటే తలుపు ప్రామ్ చక్రానికే తగులుతుంది. చక్రాలు ఊడదీయగలిగే ప్రామ్ అయితే తీసి మళ్లీ పెట్టి చూడండి. చాలాసార్లు చిక్కు అక్కడే వీడుతుంది.

తలుపును ఒక్కసారిగా వేయకుండా చేత్తో మెల్లగా దించండి, ఎక్కడ ఆనుతోందో తెలుస్తుంది. క్రికెట్ బ్యాట్ కూడా తీసుకెళ్తుంటే, అది 96.5 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. సూట్‌కేసులు నిలబెట్టాక దాన్ని అడ్డంగా పెట్టాలంటే వాటి పైనే చోటు. సీటు మడిచి పెడదామనుకుంటే, ఆ సీటులో ఎవరు కూర్చోవాలో ముందే తేల్చుకోండి.