మసక అద్దంలో లేదు, ముక్కు దగ్గర ఉంది

నాలుగేళ్లుగా వాడుతున్న నా కళ్లజోడులో ఎడమ అద్దానికి కింద, ముక్కు వైపు మూలన ఒక మసక మచ్చ ఉండేది. గుడ్డతో తుడిస్తే పోయేది. అరగంట గడిచేసరికి అదే చోట, అదే ఆకారంలో మళ్లీ వచ్చేది. కోటింగ్ పాడైపోయిందనుకుని అద్దాలు మార్పించుకోవడానికి సిద్ధపడ్డాను. ఒకరోజు పొద్దున కిటికీ దగ్గర కళ్లజోడును తలకిందులుగా పట్టుకుని చూస్తే అసలు సంగతి బయటపడింది. నోస్ ప్యాడ్‌కీ అద్దానికీ మధ్య ఉన్న సందులో, ప్యాడ్‌ను పట్టి ఉంచే సన్నని తీగ చుట్టూ, ఆకుపచ్చగా మైనంలాంటిది పేరుకుని ఉంది. ఒంటి వేడికి, చెమటకు అది మెత్తబడి అద్దం అంచు మీదికి పాకుతోంది. నేను రోజుకు పదిసార్లు దాన్నే గుడ్డతో తీసి అద్దమంతా పూస్తున్నాను.

కళ్లజోడు శుభ్రం చేసుకోవడం గురించి మనకు దొరికే సలహాలన్నీ అద్దంతో మొదలై అద్దంతోనే ముగుస్తాయి. స్ప్రే కొట్టు, గుడ్డతో తుడువు, అంతే. నా అభిప్రాయంలో ఈ సలహాలో రెండు తప్పులున్నాయి. జిడ్డు ఎక్కడ పుడుతోందో అక్కడిదాకా అది వెళ్లదు. గీతలు ఎందుకు పడుతున్నాయో కూడా పట్టించుకోదు. ముందు ప్యాడ్లు, ఆ తర్వాతే అద్దం. ముందు నీళ్లు, ఆ తర్వాతే గుడ్డ. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన లిక్విడ్ వాడినా లాభం లేదు.

ముందు ఆ ఆకుపచ్చ సంగతి. మన భాషలో దానికి మంచి మాటే ఉంది, చిలుము. రాగి, ఇత్తడి పాత్రలకు పట్టేదే ఇదీ. చాలా మెటల్ ఫ్రేములు రాగి, నికెల్ కలిసిన మిశ్రమ లోహాలతో తయారవుతాయి. పైన ఉన్న పూత బాగున్నంత కాలం ఏమీ కాదు. ప్యాడ్ తీగ దగ్గర, ప్యాడ్‌ను బిగించే చిన్న పెట్టె దగ్గర పూత అరిగితే లోపలి రాగి బయటపడుతుంది. చెమటలోని ఉప్పు, చర్మం నూనెలోని ఆమ్లాలు దానితో కలిసి ఆకుపచ్చ లవణాలుగా మారతాయి. వాటికి చర్మం నూనె, రాలిన చర్మపు పొట్టు, క్రీములు, పౌడరు తోడై ముద్దగా తయారవుతుంది. టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రేములకు ఈ పచ్చదనం రాదు, కానీ మిగతా జిడ్డు వాటికీ తప్పదు. సిలికాన్ ప్యాడ్లు కొంత నూనెను తమలోకే పీల్చుకుని పసుపు పచ్చగా మారతాయి. అలా లోపలికి ఇంకిన రంగును ఎంత తోమినా తీయలేం.

ఇక గీతల మాట. ఇప్పటి అద్దాలు దాదాపు అన్నీ ప్లాస్టిక్‌వే. దాని మీద గీతలు పడకుండా ఒక గట్టి పొర వేస్తారు. అది మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండో మూడో భాగాలంత మందం ఉంటుంది. దాని పైన వెలుతురు తిరిగి కొట్టకుండా ఆపే యాంటీ రిఫ్లెక్షన్ పొరలు ఉంటాయి. అవన్నీ కలిపినా ఆ వెయ్యో భాగంలో సగం అటూ ఇటూగా ఉంటాయి. అన్నిటికీ పైన నీళ్లను, జిడ్డును జారిపోయేలా చేసే పొర ఒకటి ఉంటుంది. అది మిగతావాటి కంటే ఎంతో పలచన. గాలిలో తిరిగే దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ ఉక్కు కత్తిని కూడా గీయగలదు. పొడి గుడ్డతో తుడిచినప్పుడు ఆ రేణువు గుడ్డకీ అద్దానికీ మధ్య ఇరుక్కుని, మన వేలి ఒత్తిడితో కోటింగ్ మీద నాగలిలా వెళ్తుంది. చొక్కా అంచు చెడ్డదనీ మైక్రోఫైబర్ మంచిదనీ అంటారు. నిజమే, కానీ కింద రేణువు ఉంటే మైక్రోఫైబర్ కూడా గీస్తుంది. నోటితో ఆవిరి ఊది తుడిచినా అంతే. ఆ తడి రేణువును తేల్చి తీసుకుపోయేంత ఉండదు.

యాంటీ రిఫ్లెక్షన్ ఉన్న అద్దాల మీదే మరకలు ఎక్కువగా కనిపిస్తాయని చాలామంది ఫిర్యాదు చేస్తారు. కోటింగ్ నాసిరకమని అనుమానిస్తారు. మామూలు ప్లాస్టిక్ అద్దం తన మీద పడిన వెలుతురులో దాదాపు 8 శాతాన్ని వెనక్కి కొడుతుంది. మంచి కోటింగ్ దాన్ని 1 శాతం దగ్గరకు తెస్తుంది. వేలిముద్ర పడిన చోట మాత్రం ఆ కోటింగ్ పని చెడుతుంది. చుట్టూ నల్లగా ఉన్న అద్దంలో అక్కడొక్కచోట వెలుగు తిరిగి కొడుతుంది కాబట్టి మరక కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అదే మరక కోటింగ్ లేని అద్దం మీద ఉన్నా మనం గమనించేవాళ్లం కాదు.

నా కళ్లజోడుకు ఆ రోజు ఏం చేశానో వరసగా చెబుతాను. ముందు చేతులు కడుక్కున్నాను. చేతికి క్రీమ్ అంటి ఉంటే అది నేరుగా అద్దం మీదికే పోతుంది. తర్వాత కుళాయి కింద గోరువెచ్చని నీళ్లలో అరనిమిషం పాటు రెండు వైపులా పట్టాను. వేలు కూడా తాకించలేదు. ఇసుక రేణువులను నీళ్లే తీసుకుపోవాలి. నీళ్లు వేడిగా ఉండకూడదు. వేడికి ప్లాస్టిక్ సాగినంతగా పైనున్న కోటింగ్ పొరలు సాగలేవు, పగుళ్లిస్తాయి.

అప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క తీసుకుని వేలితో రెండు ప్యాడ్లకూ, తీగలకూ పట్టించి రెండు నిమిషాలు వదిలేశాను. ఈ లిక్విడ్ సాదాది అయి ఉండాలి. చేతులు మెత్తబడటానికి క్రీమ్ కలిపినవి వాడితే అవే మళ్లీ పొరలా మిగులుతాయి. తర్వాత దీనికోసమే పెట్టుకున్న కొత్త మెత్తటి టూత్ బ్రష్‌తో ప్యాడ్ ముందు, వెనక చిన్న చిన్నగా తోమాను. బ్రష్ ఎప్పుడూ అద్దం నుంచి బయటికి కదలాలి, అద్దం వైపుకి కాదు. పేస్ట్ అంటిన పాత బ్రష్ అసలు పనికిరాదు. పళ్ల మీద గారను అరగదీసే పొడి పేస్టులో ఉంటుంది, అది కోటింగ్‌నూ అలాగే అరగదీస్తుంది. గీతలు పోతాయని అద్దానికి పేస్ట్, వంట సోడా రుద్దమనే చిట్కా కూడా ఇందుకే ప్రమాదం. గీత చుట్టూ ఉన్న మంచి కోటింగ్ పోతుంది తప్ప గీత పోదు.

ప్యాడ్ వెనక, అద్దానికి ఆనుకుని ఉన్న సందులోకి బ్రష్ వెళ్లలేదు. తడిపిన దూది పుల్లను రుద్దకుండా దొర్లించాను. మొదటి పుల్ల ఆకుపచ్చగా వచ్చింది. రెండోది బూడిద రంగులో, మూడోది దాదాపు తెల్లగా వచ్చింది. గుండుసూది, బ్లేడు లాంటివి ఇక్కడ వాడకూడదు. చెయ్యి జారితే అద్దం మీద గీత పడుతుంది, జారకపోయినా ఫ్రేము పూత ఇంకా లేచిపోయి చిలుము పెరుగుతుంది.

ప్యాడ్ల మురికి కడిగిన సబ్బు నీళ్లు ఆపాటికి అద్దాల మీద కూడా ఉన్నాయి. అద్దాన్ని చివరికి వదిలేయడం అందుకే. మళ్లీ బాగా నీళ్లు పోసి, కొత్తగా ఇంకో చుక్క సబ్బును వేలి కొసలతో అద్దాలకు రెండు వైపులా, అద్దం ఫ్రేములో కూర్చునే గాడి వెంట, చెవుల మీద ఆనే కాడలకు రాశాను. ఈ పనికి వేలి కొసే మంచిది. రేణువు మిగిలి ఉంటే వేలికి తెలుస్తుంది, గుడ్డకు తెలియదు. ఏ అద్దం రుద్దుతున్నామో ఆ వైపు ఫ్రేమునే పట్టుకోవాలి. ఒక కాడ పట్టుకుని రెండో అద్దాన్ని నొక్కితే ఫ్రేము మెలి తిరుగుతుంది.

సబ్బు పూర్తిగా పోయేదాకా కడిగి, దులిపి, ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డతో ముందు అద్ది, ఆ తర్వాతే తేలిగ్గా తుడిచాను. నీళ్లను వాటంతట అవే ఆరనిస్తే వాటిలోని సున్నం తెల్లటి చుక్కలుగా మిగులుతుంది. వాటిని తర్వాత పొడిగా గోకడం కంటే చివర్లో కాస్త డిస్టిల్డ్ వాటర్ పోసి వెంటనే అద్దడం మేలు.

గుడ్డ సంగతి వేరే చెప్పాలి. పెట్టెలో నెలల తరబడి పడి ఉన్న గుడ్డ నిండా జిడ్డే ఉంటుంది. శుభ్రంగా ఉన్న గోడ అద్దం మీద దానితో ఒకసారి తుడిచి చూడండి. చార పడితే గుడ్డను ఉతకాల్సిందే. సాదా సబ్బుతో ఉతికి నీడలో ఆరేస్తే చాలు. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ మాత్రం వేయకూడదు. అది దారాలకు పట్టుకుని, అక్కడినుంచి అద్దానికి అంటుకుంటుంది.

ఇంత చేశాక నా ఎడమ అద్దం మూలన ఉన్న మచ్చ పోయింది. వారం గడిచినా తిరిగి రాలేదు. కుడి అద్దంలో మాత్రం పై భాగంలో పలచని మసక అలాగే ఉండిపోయింది. అది మురికో, దెబ్బతిన్న కోటింగో తేల్చుకోవడానికి రెండు పరీక్షలు చేశాను. మొదటిది నీళ్లతో. కోటింగ్ బాగున్న చోట నీళ్లు ముత్యాల్లా గుండ్రటి బొట్లుగా నిలిచి జారిపోతాయి. జిడ్డున్న చోట, పై పొర అరిగిన చోట పరుచుకుని అంటిపెట్టుకుంటాయి. రెండోసారి సబ్బుతో కడిగినా అదే చోట పరుచుకుంటే అది జిడ్డు కాదు, అరుగుదల. రెండోది దీపంతో. అద్దాన్ని ఏటవాలుగా పట్టుకుని, దాని మీద బల్బు ప్రతిబింబం కనపడేలా తిప్పి చూశాను. మసకగా ఉన్న చోట సాలెగూడులా సన్నని పగుళ్లు కనిపించాయి. ఎండలో ఆపిన కారులో, డ్యాష్‌బోర్డు మీద ఆ కళ్లజోడును చాలాసార్లు వదిలేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పగుళ్లను ఏ లిక్విడ్డూ పూడ్చలేదు. షాపుల్లో ఉండే అల్ట్రాసోనిక్ మెషిన్ ప్యాడ్ల మురికిని బాగానే దులుపుతుంది కానీ, ఇలా పగిలిన కోటింగ్‌ను ఇంకాస్త పెళ్లలుగా లేపే ప్రమాదం ఉంది. కోటింగ్ పగిలిందని ముందే చెప్పి ఇవ్వాలి. అమోనియా ఉన్న కిటికీ అద్దాల లిక్విడ్, నెయిల్ పాలిష్ తీసే ఎసిటోన్ దగ్గరికి కూడా రానివ్వకూడదు. ఎసిటోన్ పాలికార్బొనేట్ ప్లాస్టిక్ అద్దాన్ని పగుళ్లిచ్చేలా, మసకబారేలా చేస్తుంది, ఎసిటేట్ ప్లాస్టిక్ ఫ్రేమును కరిగించేస్తుంది.

కుడి అద్దాన్ని మార్పించాను. ప్యాడ్లు కూడా మార్పించాను. నావి స్క్రూతో బిగించేవి కాబట్టి షాపతను ఐదు నిమిషాల్లో పని ముగించాడు. పాతవి తీసినప్పుడు చూస్తే తీగ చివర పూత పూర్తిగా పోయి ఎర్రటి లోహం కనపడుతోంది. అంటే చిలుము మళ్లీ పట్టడం ఖాయం. అందుకే రోజూ రాత్రి కళ్లజోడు తీశాక ప్యాడ్లను నీళ్లతో కడిగి అద్ది పెడుతున్నాను. దూది పుల్లతో ఆ సందును వారానికోసారి చూస్తున్నాను. పుల్ల ఇప్పటికీ లేత ఆకుపచ్చగా వస్తోంది, కానీ అద్దం దాకా పాకేంత పేరుకోవడం లేదు.