ట్యాంకు నిండకపోతే గొప్పా?

మొన్న పండక్కి వచ్చిన మా బావగారు భోజనాలయ్యాక వక్కపొడి నోట్లో వేసుకుని అన్నారు: "మా సెప్టిక్ ట్యాంకు కట్టి పద్నాలుగేళ్లయింది బావమరిదీ, ఒక్కసారి కూడా బండి పిలవలేదు. మేస్త్రి పనితనం అలాంటిది." చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. మా ఇళ్లల్లో ఇదొక గొప్ప. ట్యాంకు ఎన్నేళ్లు నిండకపోతే అంత బాగా కట్టినట్టు.

అసలు ట్యాంకు పనే మడ్డిని పట్టి ఉంచడం. బరువైనది అడుగున చేరుతుంది, నూనె జిడ్డు పైన తెట్టులా కడుతుంది, మధ్యలో తేరుకున్న నీళ్లు రెండో గదిలోంచి ఇంకుడు గుంతకు పోవాలి. తలకు ఏడాదికి 40 నుంచి 80 లీటర్ల మడ్డి చేరుతుందని లెక్క. మా ఇంట్లో కిందా పైనా కలిపి పది మంది. ట్యాంకు లోపల 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల నీటి లోతు, అంటే 4,500 లీటర్లు. మూడో వంతు మడ్డితో నిండాక తేరుకోవడానికి చోటు చాలదు. ఆ 1,500 లీటర్లు మాకు రెండు నుంచి నాలుగేళ్లలో చేరిపోవాలి. మరి పద్నాలుగేళ్లుగా బావగారి మడ్డి ఎక్కడికి పోతోంది? ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేను కూడా శుద్ధపూసనేం కాదు. ఆరేళ్లు మూత తీయలేదు. ఈ వేసవిలో మోరీ దగ్గర వాసన మొదలయ్యాక కొలవడం నేర్చుకున్నాను. పొడవాటి వెదురు కర్రకు చివర మూడడుగుల మేర పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి, మొదటి గది మూతలోంచి అడుగు తగిలేదాకా దించి, ఐదు నిమిషాలు ఉంచి, మెల్లగా పైకి లాగాలి. నీళ్లు తగిలినచోట గుడ్డ తడిసి ఊరుకుంటుంది. మడ్డి తగిలినచోట నల్లగా పట్టేస్తుంది. మాది 60 అంగుళాల నీటి లోతులో 32 అంగుళాలు నలుపు. 20 దగ్గరే బండి పిలవాల్సింది. మూత తీసినప్పుడు ముఖం మాత్రం లోపలికి పెట్టకండి, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

బండి వచ్చింది. పైనున్న పలచటిదంతా ఇరవై నిమిషాల్లో లాగేసింది. ఆరేళ్ల మడ్డి కదా, అడుగున గట్టిపడిపోయి గొట్టానికి రావడం లేదు. దాంతోపాటు ప్యాడ్లు, డైపర్లు అడ్డం పడ్డాయి. అవి ఏ ఇంటివని అడగొద్దు, రెండంతస్తుల వాళ్లమూ నేలచూపులే చూశాం. అప్పుడు బండి మేస్త్రి చాలా మామూలుగా అన్నాడు: "సార్, మనిషి దిగితే సాఫ్ అయిపోతది. ఇంకో వెయ్యి ఇయ్యండి." వెనకాల ఇరవై ఏళ్ల కుర్రాడు అప్పటికే చొక్కా విప్పుతున్నాడు.

దిగొద్దన్నాను. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముందు చచ్చేది ముక్కే, వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన తగ్గింది కదా అని దిగినవాడు కుప్పకూలుతాడు, వాణ్ణి లాగబోయి రెండోవాడు. పేపర్లో వచ్చే వార్తల్లో ఒకరి పేరు కాకుండా ఇద్దరు ముగ్గురి పేర్లు ఉండేది అందుకే. రక్షణ పరికరాలు లేకుండా ఇలా దించితే, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం దించిన వాళ్ల మీద కేసే. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ బేరం మాత్రం వెయ్యి రూపాయల దగ్గరే ఉంది. చివరికి మా మోటారు పైపు పెట్టి నీళ్లు గట్టిగా కొట్టి, కర్రతో కలిపి లాగించాం. గంటన్నర ఎక్కువ పట్టింది, అంతే.

బండి కదిలేముందు ఊరికే అడిగాను, ఎక్కడ పోస్తారని. మడ్డిని శుద్ధి చేసే ప్లాంటుకు అన్నాడు మేస్త్రి. కుర్రాడు నవ్వాడు. సాయంత్రం వాకింగ్‌కు పోతే వాగు వంతెన కింద కొత్తగా నల్లటి చార. మా ఇంటిదో, మరొకరిదో.

కోపం వచ్చింది గానీ, కూర్చుని లెక్కేస్తే అతని వైపూ అర్థమైంది. డబ్బులు ఇంటి దగ్గరే చేతిలో పడ్డాయి. ఇక ప్లాంటు దాకా పోవడమంటే డీజిల్ దండగ, ఇంకో ట్రిప్పు పోయినట్టే. మనం ఇచ్చే డబ్బు మడ్డిని శుద్ధి చేయడానికి కాదు, మన కళ్ల ముందు నుంచి మాయం చేయడానికి. దొంగచాటుగా పోస్తున్నారని డ్రైవర్లను తిట్టే పోస్టులు చాలా చూశాను. తక్కువకు వచ్చే బండి ఎవరిదని గ్రూపుల్లో అడిగేది మనమే కదా.

డబ్బు చేతులు మారే చోటు మార్చాలన్నదే నా వాదన. మహారాష్ట్రలో వాయి అనే చిన్న పట్టణం ఆ దారి పట్టింది. అక్కడ ఎవరూ బండి పిలవక్కర్లేదు. మూడేళ్లకోసారి వంతు ప్రకారం వీధి వీధికీ బండే వస్తుంది. ఇంటి దగ్గర రూపాయి ఇవ్వక్కర్లేదు, పన్నులోంచే పోతుంది. లోడు ప్లాంటుకు చేర్చిన లెక్క మీద కాంట్రాక్టరుకు బిల్లు. వాగులో పోస్తే బిల్లు రాదు, అంతకన్నా పోలీసు అక్కర్లేదు. పైగా మూడేళ్ల మడ్డి మెత్తగా ఉంటుంది, గొట్టానికి వచ్చేస్తుంది, మనిషిని దించే మాటే రాదు. మన దగ్గర తెలివి లేక కాదు. ఈ మడ్డి మీద నిబంధనలు తెచ్చిన మొదటి నగరాల్లో వరంగల్ ఒకటి, 2016లోనే. ఆ మరుసటి ఏడాదే, రోజుకు 15 వేల లీటర్లు పట్టే ప్లాంటూ పెట్టారు, మడ్డిని ఎండబెట్టి వేడితో బొగ్గులా మార్చేది. ప్లాంటు కట్టడం సగం పని, లోడు అక్కడికి చేరడం మిగతా సగం.

"పొలానికి పోస్తే ఎరువే కదా" అనేవాళ్లకు ఒక మాట. ఎరువే, కానీ ఇప్పుడే కాదు. 4,000 లీటర్ల లోడులో గట్టి పదార్థం నూటికి రెండు పాళ్లనుకుంటే 80 కిలోలే, మిగతాదంతా నీళ్లు. ప్లాంటులో చాలాచోట్ల ఇసుక, కంకర పరిచిన మడుల్లో జానెడు మందాన పోసి, ఎండ బాగుంటే రెండు వారాల్లో నెర్రెలిచ్చేదాకా ఆరబెడతారు. కిందికి దిగిన నీళ్లను విడిగా శుద్ధి చేయాలి. చూడటానికి మట్టిలా అయిపోతుంది, వాసన ఉండదు. మోసం అక్కడే. ఏలికపాముల గుడ్లు అందులో ఇంకా బతికే ఉంటాయి, నెలల తరబడి. చెత్తతో కలిపి కుప్ప పోసి, లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిచేలా, తిరగేస్తూ మగ్గబెడితే అప్పుడు చస్తాయి. అప్పుడే అది పొలానికి. అప్పుడు కూడా నేను కొత్తిమీర, పాలకూర మడికి వేయను, చెట్లకు వేస్తాను. బండి నుంచి నేరుగా పొలంలో పోయించుకునే రైతుకు నత్రజని ముడుతుంది, ఒట్టికాళ్లతో కలుపు తీసే కూలీకి పురుగులు ముడతాయి.

ఇక బావగారి సంగతి. పోయిన ఆదివారం వాళ్లింటికి నా కర్ర, తువ్వాలు పట్టుకెళ్లాను. అక్కయ్య ముక్కు మూసుకుని లోపలికి పోయింది. మూత తీసి దించాను. తువ్వాలు మీద నలుపు కొంచెమే, బావగారి మొహం వెలిగింది. కానీ కర్ర టక్కుమని ఆగలేదు, మెత్తగా దిగబడింది. పైకి తీస్తే కొనకు ఎర్రమట్టి. అడుగున కాంక్రీటు లేదు. నిండకుండా ఉండేందుకు మేస్త్రి చేసిన పనితనం అదన్నమాట.

బావగారు కాసేపు ఆ కర్ర కొన వైపే చూశారు. తర్వాత తలెత్తి, పెరట్లో బోరు మోటారు ఎంత దూరంలో ఉందో అడుగులేసి కొలవడం మొదలుపెట్టారు. పద్దెనిమిది అడుగులు.