సవరణ: నిద్రమాత్ర పనిచేయనప్పుడు

"మాత్ర వేసుకున్నా నిద్ర పట్టకపోతే డోసు పెంచమని డాక్టరును అడగండి" అన్న గత పోస్టులోని వాక్యాన్ని ఇలా సవరించి చదవగలరు.

నొప్పి, గుండెల్లో మంట, థైరాయిడ్ సమస్యలతో పాటు, ముఖ్యంగా కాళ్ల సంగతి డాక్టరుకు ముందు చెప్పాలి. రాత్రి పడుకోగానే పిక్కల్లో పురుగులు పాకినట్టుండి, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గి, మళ్లీ పడుకుంటే మొదలయ్యే బాధను రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. జోల్పిడెమ్ వంటి మాత్ర మత్తునిస్తుందే తప్ప కాళ్లు కదపాలన్న ఆ తహతహను తీర్చదు; కొన్ని జలుబు మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ దాన్ని పెంచవచ్చు కూడా. ఒంట్లో ఐరన్ నిల్వ తగ్గడం వల్ల కూడా ఈ బాధ రావచ్చు. హిమోగ్లోబిన్ 12.5 ఉండి, రక్తం బాగానే ఉందనిపించుకున్న మహిళకు సైతం ఆ నిల్వను చూపే ఫెరిటిన్ 20 మాత్రమే ఉండవచ్చు. ఈ జబ్బులో అది 75 లేదా అంతకు తక్కువైతే ఐరన్ ఇచ్చే విషయం పరిశీలిస్తారు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. ఈలోగా, రోజూ వాడుతున్న నిద్రమాత్రను హఠాత్తుగా మానకూడదు.