ఎన్నడూ ఫెయిల్ కాని జాబ్‌కు సన్మానం చేయాలి

మన హైదరాబాద్ ఐటీ కంపెనీలు ఏటా ఉత్తమ ఉద్యోగులకు జ్ఞాపికలు ఇస్తుంటాయి. ఈసారి ఒకటి బ్యాచ్ జాబ్‌కు ఇవ్వాలని నా డిమాండ్. మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో రోజూ రాత్రి 2 గంటలకు డేటాబేస్ బ్యాకప్ తీయాల్సిన జాబ్ అది. మూడు నెలలుగా ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క అలర్ట్ లేదు, ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్లకు ఒక్క రాత్రి కూడా నిద్రాభంగం లేదు. కారణం చిన్నదే. ఆ మూడు నెలల్లో అది ఒక్కసారి కూడా రన్ కాలేదు. పనిచేసేవాడికే తప్పులు అన్న పెద్దల మాటను ఇంత నిష్ఠగా పాటించిన సాఫ్ట్‌వేర్‌ను నేను చూడలేదు.

పాత సర్వర్ తీసేసి కొత్త డెబియన్ లినక్స్ సర్వర్ పెట్టారు. జాబ్ లైను ఉన్న ఫైలును `/etc/cron.d` లో భక్తిగా ప్రతిష్ఠించి `backup.cron` అని నామకరణం చేశారు. డెబియన్‌లో ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. మధ్యలో చుక్క ఉంటే, జాబ్‌లను టైముకు నడిపించే క్రాన్ ఆ ఫైలు జోలికే పోదు. అప్‌డేట్‌ల తర్వాత మిగిలిపోయే `.dpkg-old` లాంటి పాత ఫైళ్లు నడవకుండా ఉండటానికి పనికొచ్చే నియమమే అది. మన ఫైలూ ఆ లెక్కలో పోయింది.

మరి నిఘా లేదా అంటే, ఉంది. స్క్రిప్ట్ ఫెయిలైతే టీం మొత్తానికి మెయిల్ వెళ్తుంది. అయితే ఆ మెయిల్ పంపాల్సింది స్క్రిప్టే. హాజరు పట్టీలో గైర్హాజరును రాని కుర్రాడే వచ్చి వేసుకోవాలన్న ఏర్పాటు. గోడ మీది టీవీలో డ్యాష్‌బోర్డ్ కూడా ఉంది. అది ఫెయిల్యూర్లు లెక్కపెడుతుంది. సున్నా ఫెయిల్యూర్లు కాబట్టి పచ్చ రంగు.

ఒకరోజు ఎవరో ఒక టేబుల్‌లోని రికార్డులు పొరపాటున తుడిచేశారు. నిన్నటి బ్యాకప్ కోసం వెతికితే, దొరికిన వాటిలో కొత్తది మూడు నెలల నాటిది. మీటింగ్ పెట్టారు.

“ఫెయిలైతే మెయిల్ రావాలి కదా, ఎందుకు రాలేదు?”

“ఫెయిల్ కాలేదు సార్. రన్నే కాలేదు.”

“అంటే మన రికార్డులో ఫెయిల్యూర్ లేనట్టేగా!”

ఈ తర్కానికి నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అక్కడితో వదిలేస్తే బాగుండేది. కొత్తగా చేరిన ఒకమ్మాయి కథను తిరగేసింది. చెడు కబురు కోసం ఎదురు చూడొద్దట, మంచి కబురు రాకపోతే గంట కొట్టాలట. ఫైలు పేరులో చుక్క తీసేసి, లైను చివర ఇది తగిలించింది:

```
0 2 * * * backup /opt/backup.sh && curl -fsS -m 10 --retry 5 -o /dev/null https://watch.example/backup
```

బ్యాకప్ సరిగ్గా ముగిస్తేనే వేరే మెషీన్‌లో ఉన్న కాపలా సర్వీసుకు కబురు వెళ్తుంది. పని నలభై నిమిషాల్లో అయిపోతుంది, ఇంకాస్త వెసులుబాటు కలిపి 3:30 గడువు పెట్టింది. అప్పటికి కబురు అందకపోతే అలర్ట్. క్రాన్ ఆగినా, సర్వర్ కాలిపోయినా, ఎవరైనా పొరపాటున ఆ ఫైలునే తుడిచేసినా, కాపలావాడికి కనిపించేది ఒక్కటే: కబురు రాలేదు.

ప్రశాంతత కోరుకునేవారు ఈ దుర్మార్గాన్ని ఎదుర్కోవచ్చు. ముందుగా ఆ `&&` తీసేసి `;` పెట్టండి. బ్యాకప్ సగంలో చచ్చినా “అంతా క్షేమం” అన్న కబురు ఠంచనుగా వెళ్తుంది. కాపలా సర్వీసును కూడా అదే సర్వర్‌లో పెట్టండి, పోతే రెండూ కలిసి పోతాయి.

నిఘాకు ప్రోమిథియస్ అనే టూల్ వాడేవారికి ఇంకా సొగసైన దారి ఉంది. చివరిసారి సక్సెస్ అయిన టైం నుంచి 26 గంటలు దాటితే అలర్ట్ అని రూల్ రాయండి, అక్కడితో ఆపండి. చూసేవాళ్లకు పకడ్బందీగా కనిపిస్తుంది. కానీ కొత్త సర్వర్‌లో ఒక్కసారీ రన్ కాని జాబ్‌కు ఆ టైం చెప్పే మెట్రిక్ అసలు పుట్టదు. లేని విలువను 26 గంటలతో పోలిస్తే జవాబు ఖాళీ, ఖాళీ జవాబుకు అలర్ట్ మోగదు. ఎవరైనా తెలివైనవాళ్లు, మెట్రిక్ లేకపోవడాన్నే పట్టుకునే `absent()` తో రెండో రూల్ కూడా రాయాలంటే, వచ్చే క్వార్టర్‌లో చూద్దామనండి.

ఇన్ని చేసినా అలర్ట్ వస్తుందేమో అని టెన్షన్ ఉంటే, అది వెళ్లే మెయిల్ ఐడీ ఎవరిదో చూసుకోండి. కిందటేడాది రాజీనామా చేసి వెళ్లిపోయినాయనదైతే మార్చకండి.