ఇసుక బస్తాలు ముందా, వెనకా?

అంతర్ పాఠశాలల టోర్నమెంట్ దగ్గర పడిందని మైదానం తనిఖీకి బయల్దేరాం. మా చేతికొచ్చిన చెక్‌లిస్టు నిరుటిదే, తేదీ ఒక్కటే కొత్తది. అందులో గోల్‌పోస్టుల వరసలో ప్రమాదం జరిగే అవకాశం 1, జరిగితే తీవ్రత 1, రెండూ గుణిస్తే 1 అని ఉంది. కుర్చీలోంచి లేవకుండా మైదానాన్ని చూస్తే ఎవరికైనా అంతే వస్తుంది.

కొత్త పీఈటీ సార్‌కి కుర్చీ అలవాటు లేదు. నేరుగా గోల్‌పోస్టు దగ్గరికి నడిచారు. అది పాతిన రకం కాదు, అవసరమైనచోటికి మోసుకెళ్లే రకం. ముందున్న రెండు స్తంభాల పక్కన రెండు ఇసుక బస్తాలు ద్వారపాలకుల్లా కొలువుదీరాయి.

"బస్తాలు ఇక్కడెవరు పెట్టించారు?"

"నేనేనండి," అన్నారు హెడ్మాస్టర్ గారు. "వెనక పెడితే ఫొటోలో పడవు కదా! జాగ్రత్తలు తీసుకున్నామని నలుగురికీ కనపడొద్దూ?"

పీఈటీ సార్ ఏమీ అనలేదు. అందర్నీ పక్కకి జరగమని, పైనున్న అడ్డకడ్డీకి పొడవాటి తాడు కట్టి, దూరంగా ముందుకెళ్లి లాగారు. గోల్‌పోస్టు దభీమని బోర్లా పడింది. బస్తాలు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

"పిల్లలు కడ్డీకి వేలాడితే ఇంతే సార్. ముందు కాళ్ల మీద ఒరుగుతుంది, వెనక నేలకడ్డీ పైకి లేస్తుంది. ఆ లేచేదాని మీద ఉండాలి బరువు."

హెడ్మాస్టర్ గారు మూడడుగులు వెనక్కి వేసి, "సరే, అంకెలు మార్చండి," అన్నారు. అవకాశం 4, తీవ్రత 5, మొత్తం 20. గరిష్ఠం 25. బస్తాలు వెనక్కి మోయించి, నేలకడ్డీని మేకులతో బిగించి, మళ్లీ లాగి చూశాం. కదల్లేదు. ఇప్పుడు అవకాశం 1, తీవ్రత 5.

"ఇంత చేశాక కూడా 5 ఏమిటండీ?" హెడ్మాస్టర్ గారి గొంతులో మార్కులు తగ్గిన పిల్లాడి బాధ.

"పడే అవకాశం తగ్గింది సార్. పడితే తగిలే దెబ్బ తగ్గలేదు. ఇనుము ఇనుమే కదా!"

ఈ తర్కానికి ఆయన దగ్గర జవాబు లేదు, బ్యానర్ ఉంది. అతిథులకు స్వాగతం పలుకుతూ, సగం మేర తన ఫొటోతో అచ్చువేయించింది. దాన్ని గోల్‌పోస్టు వెనక అడ్డంగా కట్టమన్నారు. పీఈటీ సార్ నా చేతిలోంచి కాగితం తీసుకుని అవకాశం 1ని మళ్లీ 4 చేశారు.

"ఇదెందుకూ?"

"వలలోంచి గాలి పోతుంది సార్. బ్యానర్లోంచి పోదు. వెనకనుంచి గట్టిగా వీచిందంటే, వేలాడే పిల్లాడు కూడా అక్కర్లేదు."

నివారణ చర్య అన్న గడిలో 'బ్యానర్‌ను ప్రహరీ గోడకు కట్టాలి' అని రాశాను. బాధ్యులు అన్న గడి దగ్గర ఇద్దరం ఆయన వంక చూశాం. హెడ్మాస్టర్ గారు సంతకం పెట్టి, నిచ్చెన తెప్పించమన్నారు. పీఈటీ సార్ వెంటనే కాగితంలో ఇంకో వరస గీసి, మొదటి గడిలో 'నిచ్చెన' అని రాశారు.